రెండు బొమ్మలు మిగిలిన కాగితం

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండూ ఉన్న మనిషి ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠం చెప్పకూడదని, నాకు ఉద్యోగం వచ్చిన రోజే మా అమ్మ అంది. అన్నదే గానీ మిఠాయి పంచడం మానలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా కోపం నాతోనే బడికి వస్తుంది, నాతోనే రైలెక్కి ధర్మవరం తిరిగొస్తుంది.

నేను పనిచేసే బడి పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఒక చిన్న పల్లెలో ఉంది. రెండు గదులు, ఒక వరండా, గేటు పక్కన కరివేపాకు చెట్టు. పెద్ద తరగతులు హెడ్మాస్టరు చూసుకుంటారు, చిన్నవాళ్లు నా వంతు. పొద్దున ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పోతాను. ఆటోలో నలుగురు కూర్చునే చోట తొమ్మిది మందిమి కూర్చుంటాం కాబట్టి బడి చేరేసరికి నా చీర కుచ్చిళ్లకూ నా మనసుకూ ఒకే రకం మడతలు పడి ఉంటాయి.

ఆ ఏడాది సీతాకోకచిలుక జీవితచక్రం పాఠానికి నేను మామూలు కంటే ఎక్కువే కష్టపడ్డాను. ఒక ఆదివారం హిందూపురం పోయి నాలుగు బొమ్మలు రంగుల్లో పెద్దగా ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాను. ఆకు మీద గుడ్లు, ఆకు తింటున్న గొంగళిపురుగు, కొమ్మకు వేలాడే ప్యూపా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక. అవే బొమ్మలు చిన్నవిగా, చుట్టూ చుక్కల గీతలతో మరో కాగితం మీద. దాంతోబాటు ఇంకో కాగితం, దాని మీద గుండ్రంగా నాలుగు ఖాళీ గళ్లు, గడికీ గడికీ మధ్య బాణం గుర్తు. పిల్లలు బొమ్మలు కత్తిరించి ఆ గళ్లల్లో వరసగా అతికించాలి. ఇంతే పని. చెప్పడానికి ఇంతే.

మొదటి రోజు కార్డులతో ఆట. పిల్లలందరినీ కింద గుండ్రంగా కూర్చోబెట్టి, నలుగురిని లేపి తలా ఒక కార్డు ఇచ్చాను. వాళ్లు ఎట్లా పడితే అట్లా నిలబడ్డారు. కూర్చున్నవాళ్లు వాళ్లను సరిచేయాలి. "నువ్వు ఈడికి రా", "నువ్వు ఆడికి పో" అని అరుపులు. సీతాకోకచిలుక కార్డు పట్టుకున్నవాడు మొదట నిలబడతానని పట్టుబట్టాడు, వాడు ఎప్పుడూ ఏ లైనులోనైనా మొదటే నిలబడతాడు. చివరికి గుడ్డు మొదట, పురుగు తర్వాత, ఆ తర్వాత ప్యూపా, చివరికి సీతాకోకచిలుక అని అందరూ ఒప్పుకున్నారు. మొదట, తర్వాత, ఆ తర్వాత, చివరికి. ఈ నాలుగు మాటలు పిల్లల చేత పదిసార్లు చెప్పించాను. కార్డులు కలిపేసి, తలకిందులు చేసి, మళ్లీ పేర్పించాను.

ఆ గుంపులో ఒక పిల్ల ఉంది. రెండో తరగతి. రెండు జడలు, ఒక జడకు ఎర్ర రిబ్బను, ఇంకో జడకు ఏ రంగు దొరికితే ఆ రంగు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఆమె నోటి నుంచి నేను విన్న మాట 'వచ్చినాను మేడమ్' ఒక్కటే, అది కూడా హాజరు పిలిచినప్పుడు. కార్డుల ఆటలో కూడా కళ్లు పెద్దవి చేసుకుని చూసిందే తప్ప అరవలేదు. పురుగు కార్డు తన చేతికి వచ్చినప్పుడు మాత్రం దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, పక్కపిల్లకు ఇవ్వడం మరిచిపోయింది. నేను కసిరితే ఇచ్చేసింది.

మరుసటి రోజు కత్తిరింపులు, అతికింపులు. నా పద్ధతి ఒకటుంది. ముందు కత్తిరించాలి, తర్వాత గళ్లల్లో ఊరికే పెట్టి చూసుకోవాలి, పక్కవాళ్లకు చూపించాలి, అన్నీ సరిపోతేనే గమ్ము ముట్టాలి. గమ్ము బొమ్మ వెనక అంచులకు సన్నగా రాస్తే చాలు. పిల్లలకు గమ్మంటే పెరుగన్నంలో పెరుగు, ఎంత పోసినా చాలదు. ఆ గంటలో నా పని అంతా గమ్ము సీసాల వెంట పరిగెత్తడమే.

కాగితాలు తీసుకుంటుంటే ఆ పిల్ల కాగితం నా చేతికొచ్చింది. పై గడిలో గొంగళిపురుగు. దాని పక్క గడిలో ప్యూపా. మిగతా రెండు గళ్లు ఖాళీ. కత్తిరించడం మాత్రం అంచుల వెంట ఎంత శుభ్రంగా ఉందంటే, అంత బాగా నేనూ కత్తిరించలేను. గమ్ము ఒక్క చుక్క బయటికి రాలేదు.

"మిగతా రెండు బొమ్మలు ఏవి?" అన్నాను.

ఆ పిల్ల కంపాస్ బాక్సు మీద చెయ్యి పెట్టుకుంది.

"పారేసినావా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి అతికించు. గుడ్డు యాడ రావాల? నిన్న పదిసార్లు చెప్పించినానే!"

తల దించుకుంది. నాకు కోపం వచ్చేసింది. ఆ రోజు ఆటోలో మోకాలికి దెబ్బ తగిలింది, గమ్ము నా చీరకు అంటింది, గంట కొట్టే టైమయింది. ఇవన్నీ ఆ పిల్ల తప్పులు కావు. అయినా ఎర్ర పెన్ను తీసి కాగితం అడ్డంగా పెద్ద ఇంటూ కొట్టాను. ఆ పిల్ల ఏడవలేదు. ఇంటూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసి, వెళ్లి తన చోట కూర్చుంది.

ఆ వారమే హెడ్మాస్టరు ఒక ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వెనకబడిన పిల్లల జాబితా. అందులో పేరున్న పిల్లలు మధ్యాహ్నం నుంచి ఒకటో తరగతి వాళ్లతో కూర్చుని మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి. పేరు పక్కన పిల్ల చేసిన కాగితం ఒకటి జత చేయాలి, తల్లిదో తండ్రిదో సంతకం పెట్టించాలి, నెలాఖరుకు పైకి పంపాలి.

చదువుతుంటే మంచి పనే అనిపిస్తుంది. కానీ ఆ జాబితా సంగతి నాకు తెలుసు. ఒకసారి ఎక్కిన పేరు దిగదు. నాలుగేళ్ల కింద ఒక పిల్ల పేరు నేనే రాశాను. ఆ పిల్ల ఐదో తరగతి దాటేదాకా ఊళ్లో అందరూ 'మొద్దు' అనే పిలిచారు, చివరికి పిలిస్తే పలికేది కూడా. ఇంత తెలిసి కూడా, మాట్లాడని పిల్ల, నాలుగు బొమ్మలు పేర్చలేని పిల్ల, ఇంక ఏం చెయ్యాలి అనుకుంటూ నా చేత్తో నేనే ఆమె పేరు రాశాను. ఎర్ర ఇంటూ ఉన్న కాగితం జత చేశాను.

సంతకం కోసం తండ్రిని పిలిపించాలంటే పిల్లే మూడు రోజులుగా బడికి రాలేదు. నాలుగో రోజు సాయంత్రం బడి వదిలాక నేనే ఫారం సంచిలో పెట్టుకుని వాళ్లింటికి బయల్దేరాను. ఊరికి కాస్త అవతల, మల్బరీ తోట పక్కన ఇల్లు, ఇంటి వెనక పొడుగ్గా రేకుల షెడ్డు. పట్టుపురుగులు పెంచేవాళ్లని అప్పుడే తెలిసింది. ఆ పల్లెలో సగం ఇళ్లు అదే పని చేస్తాయని కూడా అప్పుడే తెలిసింది. అన్నేళ్ల నుంచి అదే దారిలో పోతున్నాను.

షెడ్డు గుమ్మం ముందు సున్నప్పొడి చల్లి ఉంది. లోపలికి పోబోయాను.

"ఆగండి మేడమ్!"

గట్టి గొంతు. ఎవరా అని చూస్తే ఆ పిల్ల. గౌను మీద వాళ్ల నాయన చొక్కా తొడుక్కుని, చేతుల నిండా ఆకుల పసరుతో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"చెప్పులు ఆడనే ఇడ్సండి. కాళ్లు కడుక్కోండి. పూలు తీసేయండి మేడమ్, వాసన పడదు."

నేను జడలోంచి మల్లెపూలు తీసి గోడ మీద పెట్టాను. కాళ్లు కడుక్కున్నాను. అన్నీ అయ్యాక నన్ను పైనుంచి కిందికి చూసి, "పౌడరు పూసుకున్యారా?" అంది. పూసుకున్నానని ఒప్పుకున్నాను. "అట్లయితే ఈడనే నిలబడి సూడండి" అంది. నాలుగు నెలలుగా నోరు విప్పని పిల్ల నన్ను గుమ్మం బయట నిలబెట్టింది. నేను నిలబడ్డాను.

లోపల మూడు అంతస్తుల తట్టల్లాంటి బల్లల మీద తెల్లటి పురుగులు, వేళ్లంత లావున, వేలకు వేలు. అవి ఆకు తింటుంటే సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు. వాళ్లమ్మా, అవ్వా కొన్ని పురుగుల్ని ఏరి, చంద్రికల మీద వదులుతున్నారు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద చాపల్లాంటివి ఆ చంద్రికలు, పురుగు గూడు కట్టుకునేది వాటి మీదే.

ఆ పిల్ల ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చింది.

"ఇది పండింది మేడమ్. మెడ కాడ సూడండి, లోపల దీపం పెట్టినట్ల ఉండాది. ఇంక ఆకు ముట్టదు. గూడు కట్టుకునేకి జాగా ఎతుకుతాండాది."

"ఎన్నాళ్లు తింటుంది ఆకు?" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

"నాలుగు జ్వరాలు అయిపోయి, ఇంకో వారం. జ్వరమొస్తే తల పైకెత్తి కదలకుండా ఉంటాది, అప్పుడు ఆకు ఎయ్యకూడదు. పాత తోలు ఇడ్సి లేస్తాది. మొదటి రెండు జ్వరాలు, సన్న పురుగుల్ని సాకే చాకీ సెంటర్‌లోనే అయిపోతాయి. మేము ఆడ నుంచి తెచ్చుకుంటాము."

మా పుస్తకంలో గొంగళిపురుగుకు ఒక్క బొమ్మే ఉంది. ఈ పిల్లకు ఆ ఒక్క బొమ్మలోనే ఐదు బొమ్మలు తెలుసు.

అవ్వ లోపలి నుంచే, "ఏం రాచ్చసి అనుకోవాకమ్మా, ఇంట్లో నోరు మూయదు ఇది. మీ తావ కూడా ఇట్లనే గోల చేస్తాందా?" అంది.

వాళ్ల నాయన భుజం మీద ఆకు మూట దించుకుని వచ్చాడు. చేతులు కడుక్కున్నా వేళ్లు పచ్చగానే ఉన్నాయి. పిల్లను నాలుగు రోజులు నిలిపేసినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. పురుగు ఆఖరి వారంలో ఇంట్లో ముసలీ ముతకా అందరి చేతులూ కావాలట. నేను మాటలు వెతుక్కుంటూ ఫారం, పెన్ను బయటికి తీశాను. చదివి వినిపించాను.

"మా పాపకు ఏమొచ్చె మేడమ్?"

"ఏమీ రాలేదు. చదువులో కొంచెం వెనకబడింది. మాట్లాడదు. బొమ్మలు వరసగా పెట్టమంటే పెట్టలేకపోయింది."

"మీరు సెప్తే పెడతాను. సదువు సంగతి మాకేం తెలుస్తాది" అంటూ పెన్ను కోసం చెయ్యి చాపాడు. కనీసం కూతురు ఏం చేసిందో చూడనిద్దామని జత చేసిన కాగితం ఆయన చేతికిచ్చాను. దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సరిగ్గానే అతికిచ్చిందే" అన్నాడు.

"ఎక్కడ సరిగ్గా? సగమే చేసింది."

"పురుగు. ఆమీట ఇది, గూటిలో ఉండే బొడిపె. గూడు కొయ్యక ముందు ఒకటి కత్తిరించి సూస్తాములే, లోపల గట్టిపడినాదా లేదా అని. పాప కూడా సూస్తాది. ఇంతే కదా మేడమ్. ఆమీట ఇంకేముండాది? గూళ్లన్నీ హిందూపురం మార్కెట్టుకే."

"మరి గుడ్లు?"

"గుడ్లు మేమెప్పుడు సూసినాము? మా ఇంటికి పురుగే వస్తాది."

"రెక్కలు వచ్చి ఎగిరేది?"

ఆయన నవ్వాడు. "అది బయటికొచ్చినాదంటే గూటికి బొక్క పడినట్లే. దారం రాదు. మా ఇంట్లో దాని పేరు ఎత్తేకి కూడా మా అమ్మ ఒప్పుకోదు."

నేను పెన్ను తిరిగి సంచిలో పెట్టుకున్నాను. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

"ఆ రెండు బొమ్మలు ఏం చేసినావు పాపా?" అన్నాను. ఈసారి గొంతులో కోపం లేదు. ఉండడానికి దానికి చోటు లేదు.

"కంపాస్ బాక్సులో ఉండాయి మేడమ్."

"ఎందుకు అతికించలేదు?"

"నేను వాట్ని సూడలే కదా. సూడంది యెట్ల అతికిచ్చేది?"

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది గానీ బయట ఏమీ చూడలేదు. సిగ్గేసింది. ఆ మాట దాచుకోవడం ఎందుకు, చాలా సిగ్గేసింది. పదిసార్లు చెప్పించడం అంటే నేర్పించడం అనుకున్నాను. మిగతా పిల్లలందరూ చూడనివాటిని నా మాట మీద అతికించేశారు. నేను వాళ్లకు టిక్కులు పెట్టాను.

ధర్మవరంలో మా ఇంటికి వెళ్లేసరికి అమ్మ మగ్గం దిగి కాళ్లు చాపుకుని కూర్చుంది. మాది నేతపని ఇల్లు. నేను పుట్టిన ఏడే మగ్గం గుంట తవ్వారట. పట్టు దారం వేళ్ల మధ్య పెట్టుకుని అది ఎన్ని పోగులో చూడకుండా చెప్పగలదు మా అమ్మ.

"అమ్మా, పట్టు యాడ నుంచి వస్తాది?" అన్నాను.

"ఏమే, ఇంత వయసొచ్చి అడిగే మాటేనా? షావుకారు దగ్గర నుంచి."

"షావుకారుకు?"

"బెంగుళూరు నుంచో, హిందూపురం నుంచో. నాకేల అది? దారం చిలప తెస్తాడు, నేస్తాను, తీసకపోతాడు."

వాళ్ల ఇల్లు గూటి దగ్గర ఆగిపోతుంది, మా ఇల్లు చిలప దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఉన్నదేదో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. నన్నెవరైనా చిన్నప్పుడు పట్టుచీర బొమ్మలు వరసగా పెట్టమని ఉంటే, మొదటి గడిలో చిలప అతికించి ఉండేదాన్ని. అప్పుడు కూడా ఎవరో ఒకరు ఎర్ర పెన్ను తీసి ఉండేవాళ్లు.

మరుసటి రోజు హెడ్మాస్టరుకు విషయం చెప్పాను. ఆయన నిదానం మనిషి. నేను అరిచేవన్నీ అరిచి అలసిపోయేదాకా ఆగి, అప్పుడు మాట్లాడతారు.

"పేరు రాసింది మీరే కదా మేడమ్. కొట్టేయాలంటే ఆ కాగితం బదులు ఇంకో కాగితం ఉండాల. నాలుగు బొమ్మలూ ఉండేది. పైవాళ్లు అడిగితే నేనేం చూపించేది?"

"ఇప్పుడే చేయించేస్తాను సార్" అనబోయి ఆగాను. కొత్త కాగితం ఇచ్చి, ఇది ఇక్కడ, అది అక్కడ అని వేలుపెట్టి చూపిస్తే ఆ పిల్ల బుద్ధిగా అతికించేస్తుంది. దాంతో జాబితాలోంచి పేరు పోతుంది. ఆ పిల్ల మాత్రం ఇంక ఎప్పుడూ 'సూడలే' అనదు.

"నెలాఖరు దాకా టైమివ్వండి సార్."

"తీసుకోండి. పేర్లు తగ్గితే నాకూ రాత తగ్గుతుంది" అన్నారాయన.

వారం తర్వాత ఆ పిల్ల బడికొచ్చింది. టిఫిను డబ్బాలో అన్నం బదులు పది పట్టుగూళ్లు. తెల్లగా, వేరుశనక్కాయంత, ఒక్కొక్కటీ గట్టిగా. వాళ్ల నాయన పంపాడు. నేను అడిగి వచ్చానులే, ఊరికే పంపలేదు. "దారానికి ఇచ్చేవాట్లో నుంచే తీసినాడు మేడమ్, బడికి బాగుండేవే పోవాలని" అంది అందరూ వినేలా. పిల్లలు తలలు తిప్పి ఆమెను చూశారు. ఆమెకు గొంతు ఉందని వాళ్లకూ అప్పుడే తెలిసింది.

ఒక అట్టపెట్టె మూతలో పాత కాగితం పరిచి గూళ్లు పెట్టాం. కిటికీకి దూరంగా, చీమలు రాకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టించింది ఆ పిల్లే. గూడును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల బొడిపె కదిలే చప్పుడు వినిపిస్తుందని చూపించింది. ఇంక మిగతా పిల్లలు రోజూ ఊపబోతే, "ఊపాకండ్రా, దానికి తల తిరుగుతాది" అని కాపలా కాసింది.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. నాలుగో రోజు హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి, "ఎంతవరకు వచ్చింది మేడమ్ మీ పంట?" అన్నారు. ఫారం పంపడానికి ఇంకా మూడు రోజులు. నాకు ఓపిక లేదని ముందే చెప్పాను కదా. ఆ రాత్రి కలలో కూడా గూళ్లు ఊపి చూశాను.

ఆరో రోజు పొద్దున నేను ఆటో దిగుతుంటే గేటు దగ్గర నుంచే కేకలు. "మేడమ్, బయటికొచ్చినాది! బయటికొచ్చినాది!" అందరికంటే ముందు పరిగెత్తుకొస్తున్నది ఆ పిల్లే, ఎర్ర రిబ్బను ఊడిపోయి.

ఒక గూటి కొసన తడిసి గోధుమరంగు మరక. అక్కడే బొక్క. పక్కన తెల్లటి రెక్కలపురుగు, ఒళ్లంతా తడిగా, రెక్కలు నలిగిన గుడ్డలా ముడుచుకుని. మేం చూస్తుండగానే ఆ రెక్కలు కొంచెం కొంచెంగా విచ్చుకున్నాయి. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు వచ్చాయి. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి గానీ ఒక్కటీ ఎగరలేదు. రెండు జత కట్టాయి. మరుసటి రోజు పొద్దున చూస్తే పరిచిన కాగితం మీద పసుపుపచ్చగా, గసగసాలు చల్లినట్టు గుడ్లు.

ఆ పిల్ల కాగితం మీదికి ముక్కు ఆనేంతగా వంగి చూసింది. చాలాసేపు చూసి లేచి, "ఇది సీతాకోకచిలక కాదు కదా మేడమ్" అంది. "దానికి రంగులుంటాయి. ఎగురుతాది. మన కార్డులో దానికి గూడు కూడా లేదు, ఉత్త బొడిపే కొమ్మకు యాలాడతాండాది."

ఏ పుస్తకమూ చదవకుండా పట్టిందది. నాకు ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది, సుద్దపొడి అంటిన చేతులని ఆగాను. "నిజమే. దీన్ని మాత్ అంటారు. ఇది దారంతో గూడు కట్టుకుని లోపల ప్యూపా అవుతుంది. సీతాకోకచిలుక గూడు కట్టదు, ఊరికే వేలాడుతుంది. ఇద్దరి ఇంటిపేర్లు వేరు, వరస మాత్రం ఒకటే" అన్నాను.

ఆమె ఆలోచించింది. మాత్ వైపు చూసింది, గుడ్ల వైపు చూసింది. తర్వాత కంపాస్ బాక్సు తెచ్చి తెరిచింది. స్కేలు కింద, రెండు చిన్న బొమ్మలు, అంచులు కూడా నలగకుండా.

"నా కాగితం ఇస్తారా మేడమ్?"

కొత్తది ఇవ్వబోయాను. వద్దంది, పాతదే కావాలంది. ఫారం నుంచి పిన్ను తీసి ఇచ్చాను. కింద కూర్చుని, నేను నేర్పినట్టే ముందు బొమ్మలు ఊరికే పెట్టి చూసుకుంది. ప్యూపా తర్వాతి గడిలో సీతాకోకచిలుక. మిగిలిన గడిలో గుడ్లు. వేలితో ఒక్కొక్క బాణం వెంట పోయింది. పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, గుడ్లు, మళ్లీ పురుగు. వేలు ఆగకుండా రెండోసారి కూడా తిరిగింది. అప్పుడు గమ్ము తీసి అంచులకు సన్నగా రాసి అతికించింది.

నేను ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. గుండ్రంగా నాలుగు గళ్లు. అంకెలు లేవు. ఏ గడి మొదటిదో ఆ కాగితం మీద ఎక్కడా లేదు. పైగడిలో గుడ్డే ఉండాలని అన్నది నేను, నా చెయ్యి, నా అలవాటు. ఆమె పురుగు దగ్గర మొదలుపెట్టింది, ఎందుకంటే వాళ్లింటికి పురుగే వస్తుంది. అక్కడి నుంచి ప్యూపాకు సరిగ్గా బాణం వెంటే పోయింది. తాను చూసినంత వరకు పెట్టి, చూడనిదానికి చోటు వదిలి, బొమ్మలు దాచుకుంది. ఆ రోజు కూడా ఆ కాగితం మీద తప్పు లేదు. సగమే అయిన సరైన పని అది.

ఆ పిల్ల కూడా కాగితం వైపే చూస్తోంది. "ఇప్పుడు అన్నీ ఉండాయి కదా మేడమ్?" అంది.

"ఉన్నాయి."

ఫారంలో ఆమె పేరు మీద రెండు గీతలు కొట్టాను, కనిపించకుండా పోయేలా. పక్కన సంతకం పెట్టాను. కాగితం తీసుకుని హెడ్మాస్టరు గదికి పోయాను. వెనకాలే చెప్పుల్లేని కాళ్ల చప్పుడు, గుమ్మం దగ్గర ఆగింది.

హెడ్మాస్టరు కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో బాణాల వెంట ఒక చుట్టు తిరిగారు. తల ఊపారు. తర్వాత, బొమ్మల మధ్యగా ఈ మూల నుంచి ఆ మూలకు పోయిన ఎర్ర గీతల్ని చూపించారు.

"అంతా బాగానే ఉంది. మరి ఈ ఇంటూ ఏంది మేడమ్? దీన్ని ఎట్లా పంపేది? కొత్త కాగితం మీద చేయించండి."

"వద్దు సార్, అట్లనే ఉండనీండి" అన్నాను. "బొమ్మలు ఆ పాపవి. ఆ తప్పు నాది."